గీజరు వాల్వు కారుతోందా? ముందు దాని కింద ఒక సీసా పెట్టండి

కార్తీక మాసం వచ్చి తెల్లవారుజామున తలస్నానాలు మొదలయ్యాయంటే, అనంతపురంలో నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, గీజరు కింద నీళ్లు కారుతున్నాయి." వెళ్లి చూస్తే కారేది ట్యాంకు కాదు. చల్లనీళ్ల పైపు గీజరులోకి వెళ్లే చోట ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, దాని పక్కన చిన్న మూతి, ఆ మూతి నుంచి చుక్కలు. అదే సేఫ్టీ వాల్వు. కొన్ని ఇళ్లలో ఆ మూతికి అప్పటికే ఎవరో కట్టెపుల్ల దిగ్గొట్టి, పైన టెఫ్లాన్ టేపు చుట్టి ఉంటారు. అలాంటిది కనబడితే నేను మొదట గీజరు ఎంసీబీ దింపి, ఆ పుల్ల పీకేసి, తర్వాతే ఇంటివాళ్లతో మాట్లాడతాను.

ఆ మూతి కారడానికే ఉంది. కాబట్టి మీరు తేల్చుకోవలసింది అది కారుతోందా లేదా అని కాదు. ఎప్పుడు కారుతోంది, ఎంత కారుతోంది అన్నది. ఈ రెండూ తెలిస్తే థర్మోస్టాట్ హద్దు దాటుతోందో లేదో తెలుస్తుంది. లోపల ఉప్పు ఎంత పేరుకుందో, ట్యాంకును తుప్పు నుంచి కాపాడే ఆనోడ్ రాడ్డు మిగిలి ఉందో లేదో కూడా చాలావరకు ఊహించవచ్చు. దానికి కావలసినవి లీటరు సీసా, గడియారం, 110 డిగ్రీల దాకా చూపించే థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు, అది 42 దగ్గరే ఆగిపోతుంది.

ఆ నీళ్లు ఎక్కడివి

నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 లీటర్ల గీజరులో 27 డిగ్రీల నీళ్లను 60 డిగ్రీలకు తెస్తే అవి దాదాపు 340 మిల్లీలీటర్లు పెరుగుతాయి. చల్లనీళ్ల వైపు వాల్వులోనే ఒక రెక్క ఉంటుంది. అది నీళ్లను లోపలికి రానిస్తుంది, వెనక్కి పోనివ్వదు. వేడినీళ్ల కుళాయి మూసి ఉంటుంది. పెరిగిన నీళ్లకు చోటు లేదు కాబట్టి ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. అది వాల్వు మీద రాసి ఉన్న ఒత్తిడికి చేరగానే స్ప్రింగు కాస్త లేచి చుక్క వదులుతుంది. వాల్వు మీద సాధారణంగా 8 బార్ అని కానీ 0.8 ఎంపీఏ అని కానీ చెక్కి ఉంటుంది. రెండూ ఒకటే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "మిద్దె మీద ట్యాంకు ఎత్తులో పెట్టించాం, ప్రెషరు ఎక్కువై కారుతోంది" అంటారు. పది మీటర్ల ఎత్తు నీళ్లకు వచ్చే ఒత్తిడి ఒక బార్ మాత్రమే. మీ గీజరుకు నాలుగు మీటర్ల పైన ట్యాంకు ఉంటే 0.4 బార్. ఎనిమిది బార్లు రావాలంటే ట్యాంకు 80 మీటర్ల ఎత్తున ఉండాలి, అంటే పాతిక అంతస్తుల పైన. ఇళ్లలో పెట్టే ప్రెషర్ పంపు కూడా మామూలుగా రెండు మూడు బార్లు దాటదు. అందువల్ల గీజరు ఆపి, నీళ్లు చల్లారిన తర్వాత కూడా వాల్వు కారుతోందంటే తప్పు ఎత్తుది కాదు. వాల్వు లోపలి సీటు మీద ఉప్పురవ్వ ఇరుక్కుని అది సరిగా మూసుకోవడం లేదు.

ఎప్పుడు కారుతోందో చూడండి

ముందు రోజు రాత్రి గీజరు ఆపేయండి. తెల్లారి లేచి, స్విచ్చి వేయకముందు వాల్వు మూతి కింద పొడి కాగితం పెట్టి పావుగంట ఆగండి. కాగితం తడిసిందంటే సీటులో రవ్వ ఉన్నట్టు. వాల్వుకు చిన్న లివరు ఉంటుంది, దాన్ని మూడు నాలుగుసార్లు పూర్తిగా ఎత్తి వదలండి. నీళ్లు జోరుగా వచ్చి రవ్వను తోసుకుపోతాయి. నీళ్లు వేడిగా ఉన్నప్పుడు ఈ పని చేయవద్దు, చెయ్యి కాలుతుంది. అయినా కారితే వాల్వు మార్చడమే మేలు. స్ప్రింగు విప్పి, సర్ది, మళ్లీ బిగించే పని పెట్టుకోవద్దు, ఆ తర్వాత అది ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకే చూసి తీసుకోండి. ట్యాంకు తట్టుకోగల ఒత్తిడి కంటే ఎక్కువ అంకె ఉన్న వాల్వు పెడితే, వాల్వు తెరుచుకునే లోపే ట్యాంకు అతుకు విడిపోవచ్చు. వాల్వు మీద బాణం గుర్తు గీజరు వైపే చూడాలి. వాల్వుకూ గీజరుకూ మధ్య వేరే కాక్ ఉండకూడదు. ఆ కాక్ ఎవరైనా మూసిన రోజున వాల్వు ఉన్నా లేనట్టే.

కాగితం పొడిగా ఉండి, గీజరు వేశాకే చుక్కలు మొదలై, దీపం ఆరిన కాసేపటికి ఆగిపోతే వాల్వు తన పని తాను చేస్తున్నట్టే. అప్పుడు ఎంత కారుతోందన్నది చూడాలి.

అసలు ఎప్పుడూ ఒక్క చుక్కా రాకపోతే అది మంచి గుర్తు అనుకోవద్దు. లోపలి రెక్క ఉప్పు పట్టి మూసుకోకుండా ఉండిపోయి, పెరిగిన నీళ్లు చల్లనీళ్ల పైపులోకి వెనక్కి పోతూ ఉండవచ్చు. గీజరు వేసి ఉన్నప్పుడు దాని పక్క చల్లనీళ్ల కుళాయి తిప్పితే మొదటి చెంబు గోరువెచ్చగా వస్తుంది. లేదా వాల్వే బిగుసుకుపోయి ఉండవచ్చు, లివరు ఎత్తినా నీళ్లు రావు. రెండో రకం ప్రమాదం, ఆ గీజరును వాల్వు మార్చేదాకా వేయకూడదు. మూతి నుంచి చుక్కలు కాకుండా ఆవిరితో కలిసి సలసలా నీళ్లు చిమ్ముతుంటే గీజరు దగ్గరికి పోకుండా మెయిన్ ఆపేయండి. వేడినీళ్ల కుళాయి కూడా తిప్పవద్దు, చల్లారనివ్వండి.

ఎంత కారుతోందో కొలవండి

గీజరు నిండా చల్లటి నీళ్లు ఉండాలి. వేడినీళ్ల కుళాయి తిప్పి, గాలి పొడుచుకురాకుండా ధార నిలకడగా వచ్చేదాకా వదిలి కట్టేయండి. ట్యాంకులో గాలి మిగిలితే అది స్పాంజిలా నొక్కుకుని లెక్క తప్పిస్తుంది. వాల్వు మూతికి సన్నని రబ్బరు గొట్టం తగిలించి, దాని రెండో కొసను కింద సీసాలో పెట్టండి. గొట్టం కిందికే దిగాలి, సీసా మూతికి బిగుతుగా ఉండకూడదు. ఆ వచ్చిన చల్లనీళ్ల వేడి ఎంతో థర్మామీటరుతో చూసి రాసుకోండి. థర్మోస్టాట్ గుండీని 60 మీద పెట్టి, సమయం చూసుకుని స్విచ్చి వేయండి. దీపం ఆరేదాకా ఇంట్లో ఎవరూ వేడినీళ్లు వాడకూడదు. దీపం ఆరిన సమయం రాసుకుని, ఇంకో ఐదు నిమిషాలు ఆగి, సీసాలో ఎంత పడిందో చూడండి. తర్వాత వేడినీళ్ల కుళాయి తిప్పి, పైపులో నిలిచిన మొదటి రెండు చెంబులు పారబోసి, మూడో చెంబులో థర్మామీటరు ముంచండి.

మీ దగ్గర ఇప్పుడు మూడు అంకెలు ఉన్నాయి. రెండు కిలోవాట్ల ఎలిమెంట్ 25 లీటర్లను నిమిషానికి ఒక డిగ్రీ కంటే కాస్త ఎక్కువ వేడి చేస్తుంది. 27 నుంచి 60 చేరడానికి సుమారు అరగంట చాలు. సీసాలో 340 రాదు, ట్యాంకు రేకు కూడా వేడికి, ఒత్తిడికి కొద్దిగా వ్యాకోచిస్తుంది కాబట్టి 270 నుంచి 300 దాకా వస్తుంది. చెంబులో నీళ్లు 60కి ఐదు డిగ్రీలు అటూ ఇటూ ఉంటే చాలు. మీది 15 లీటర్ల గీజరయితే, ఎలిమెంట్ అదే రెండు కిలోవాట్లదైతే, సీసాలో పడేదీ పట్టే సమయమూ ఇందులో అయిదింట మూడు వంతులు.

సమయాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దు. సాయంత్రం పూట కరెంటు 230 వోల్టులకు బదులు 210 ఉంటే రెండు కిలోవాట్ల ఎలిమెంట్ ఇచ్చేది దాదాపు 1,670 వాట్లే. అరగంట పని 36 నిమిషాలు పడుతుంది, అందులో గీజరు తప్పేమీ లేదు. సీసా, థర్మామీటరు రెండూ ఒకే మాట చెబితేనే థర్మోస్టాట్‌ను అనుమానించాలి.

సాయినగర్ మాస్టారి గీజరు

సాయినగర్‌లో పదవీ విరమణ చేసిన సైన్సు మాస్టారొకరు ఉన్నారు. ఆయన ఇంట్లో 25 లీటర్ల గీజరు, పెట్టి నాలుగేళ్లు. తాగడానికి మున్సిపాలిటీ నీళ్లు, వాడకానికి అంతా బోరు. ఆ బోరు నీళ్లతో బకెట్టు కడిగి ఎండలో పెడితే గంటలో తెల్లటి చారలు కడతాయి. ఆ ఏడాదిలో సేఫ్టీ వాల్వు రెండుసార్లు మార్పించారు. అయినా కారుడు తగ్గలేదు. చివరిసారి వచ్చినతను "మూతికి డమ్మీ కొట్టేద్దాం సార్" అన్నాడట. మాస్టారు ఒప్పుకోలేదు. "ఆవిరి ఇంజనుకు సేఫ్టీ వాల్వు మూసేస్తే ఏమవుతుందో ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను, నా ఇంట్లోనే మూయించనా?" అని నాకు ఫోను చేశారు.

పొద్దున కాగితం పెట్టి చూస్తే పొడిగానే ఉంది. వాల్వు మంచిదే. సీసా పెట్టాం. చల్లనీళ్లు 27 డిగ్రీలు, గుండీ 60 మీద. అరగంట దాటింది, దీపం ఆరలేదు. 40 నిమిషాలు దాటింది. లోపల చిటపటమని ఆముదం కాగుతున్నట్టు చప్పుడు. 45వ నిమిషానికి ఆరింది. సీసాలో 520 మిల్లీలీటర్లు. మాస్టారు బీరువాలోంచి తన పాత ప్రయోగశాల థర్మామీటరు తెచ్చి చెంబులో పెట్టారు: 77.

గుండీ మీద 60 అని ఉంటే లోపల 77. ఇదే థర్మోస్టాట్ హద్దు దాటడం. కటౌట్ ఎందుకు కొట్టేయలేదని మాస్టారు అడిగారు. కటౌట్ పని వేరు. థర్మోస్టాట్ పూర్తిగా విఫలమై నీళ్లు 85, 95 డిగ్రీల ప్రాంతానికి వెళ్లినప్పుడే అది తెగుతుంది. 77 దాని లెక్కలో మామూలే. కటౌట్ కొట్టేసి గీజరు ఆగిపోయినప్పుడు ఎర్ర గుండీ నొక్కితే మళ్లీ పనిచేయడం మొదలుపెడుతుంది కదా అని, నొక్కుతూ రోజులు వెళ్లబుచ్చేవాళ్లను చూశాను. ఒకసారి కొట్టేసిందంటే కారణం వెతకాలి.

ఇలా 17 డిగ్రీలు ఎక్కువ ఎందుకు పోయిందో తెలియాలంటే థర్మోస్టాట్ ఎలా చూస్తుందో తెలియాలి. దాని వేడి పసిగట్టే సన్నని రాగి గుళిక ట్యాంకులోకి వెళ్లిన ఒక గొట్టపు ఒరలో దూరి ఉంటుంది. నీళ్లు ఒరను, ఒర గుళికను వేడి చేయాలి. మధ్యలో అడ్డు ఏదైనా ఉంటే కబురు ఆలస్యంగా అందుతుంది. నీళ్లు నిమిషానికి ఒక డిగ్రీ పైగా పెరుగుతున్నాయి కదా, కబురు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఐదారు డిగ్రీలు దాటినట్టే.

ఎంసీబీ దింపి, కింది మూత విప్పి, స్విచ్చి బోర్డు దగ్గర కాదు, గీజరు టెర్మినళ్ల దగ్గరే టెస్టరు పెట్టి కరెంటు లేదని చూసుకున్నాను. గుళిక ఒరలోంచి రెండు అంగుళాలు బయటికి జారి ఉంది. వాల్వు మార్చినప్పుడు ఎవరో తీగలు కదిలించి, దాన్ని మళ్లీ తోయడం మరిచిపోయారు. సగం గుళిక నీళ్ల వేడిని, సగం బయటి గాలిని చూస్తోంది. మొదలంటా తోసి క్లిప్పు వేసి, గీజరు చల్లార్చి, మర్నాడు మళ్లీ సీసా పెట్టాం. ఈసారి 38 నిమిషాలు, 400 మిల్లీలీటర్లు, 69 డిగ్రీలు. ఎనిమిది డిగ్రీలు తగ్గింది. ఇంకా తొమ్మిది మిగిలింది. అది ఒర మీద పట్టిన ఉప్పు అయి ఉండాలి. ట్యాంకు విప్పక తప్పలేదు.

మీ ఇంట్లో కూడా ఇదే వరుసలో వెళ్లండి. మొదట గుళిక చూడండి, అది పది నిమిషాల పని, నీళ్లు ఖాళీ చేయనక్కరలేదు. థర్మోస్టాట్ పోయిందని కొత్తది కొనడం చివరి మాట. లోపల శుభ్రం చేసి, గుళిక సరిగా కూర్చోబెట్టాక కూడా పది డిగ్రీలు దాటుతుంటే అప్పుడు మార్చండి. గుండీ ఎటు తిప్పినా దీపం ఆరకపోతే మాత్రం అది అతుక్కుపోయింది, ఆ పూటే గీజరు ఆపేయాలి.

ఇంకొకటి, ఇది రోగం కాకపోయినా రోగంలా కనబడుతుంది. స్విచ్చి వేసే ఉంచి, పొద్దంతా అర చెంబు, అర చెంబుగా వేడినీళ్లు వాడే ఇళ్లలో పైనున్న నీళ్లు 60ని మించి కాగుతాయి. వాడిన ప్రతిసారీ అడుగున చల్లనీళ్లు చేరతాయి, థర్మోస్టాట్ అక్కడే ఉంటుంది కాబట్టి మళ్లీ ఎలిమెంట్‌ను వెలిగిస్తుంది, ఆ వేడి పైకి పోయి అక్కడ ఉన్న వేడికి తోడవుతుంది. కుళాయిలో వచ్చేది పై నీళ్లే. అందుకే పరీక్ష ఎప్పుడూ చల్లటి ట్యాంకుతోనే మొదలుపెట్టాలి.

విప్పి చూడడం

ఎంసీబీ దింపండి. వేడినీళ్లు వాడేసి ట్యాంకు చల్లారనివ్వండి. గీజరుకు వచ్చే చల్లనీళ్ల కాక్ కట్టేయండి. వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచండి, అటు నుంచి గాలి లోపలికి పోతేనే నీళ్లు దిగుతాయి. వాల్వు లివరు ఎత్తి గొట్టంతో నీళ్లు బకెట్టులోకి దించండి. 25 లీటర్లు ఆ సన్నని మూతి నుంచి దిగడానికి చాలాసేపు పడుతుంది, తొందరపడి పైపు విప్పితే స్నానాల గది చెరువవుతుంది.

కింది మూత తీసి, తీగలు ఎలా ఉన్నాయో ఫోనులో రెండు ఫొటోలు తీసుకున్నాకే ఊడదీయండి. గుళికలను ఒరల్లోంచి నెమ్మదిగా లాగండి, ఆ సన్నని రాగి గొట్టం మడత పడితే థర్మోస్టాట్ పోయినట్టే. మధ్యలో ఉన్న గుండ్రటి పలకను, అంటే ఫ్లాంజిని పట్టుకునే నట్లు విప్పేముందు కింద బకెట్టు పెట్టుకోండి. అడుగున లీటరు దాకా బురద నీళ్లు ఇంకా ఉంటాయి. ఎలిమెంట్, గుళికల ఒర, ఆనోడ్ రాడ్డు చాలా గీజర్లలో ఆ పలకకే ఉంటాయి, అన్నీ కలిసి కిందికి వస్తాయి.

మాస్టారి గీజరులోంచి పలకతో పాటు దోసెడు తెల్లటి పెంకులు రాలాయి. ఒర మీద పొర సరిగ్గా వేరుశనగ కాయ తొక్కలా ఉంది, ఆ మందం, ఆ గరుకు, ఆ గళ్లు. ఎలిమెంట్ వంపుల మధ్య ఖాళీయే లేదు. చిటపట చప్పుడు అక్కడిదే, పెంకు కింద ఇరుక్కున్న నీళ్లు మరిగి పగులుతున్నాయి. ఇక ఆనోడ్ రాడ్డు ఉండవలసిన చోట అల్లిక సూదంత ఇనుప తీగ మిగిలింది. కొత్తప్పుడు అది బొటనవేలంత లావు ఉండేది.

ఆనోడ్ రాడ్డు ఎందుకు అరిగిపోతుంది

ట్యాంకు ఉక్కు రేకుది. లోపల గాజు పూత ఉంటుంది, కానీ అతుకుల దగ్గర కంటికి కనబడని బెజ్జాలు ఉండక మానవు. నీళ్లు ఉక్కును తాకిన చోట తుప్పు మొదలవుతుంది. దానికి అడ్డంగా మెగ్నీషియం రాడ్డును పెడతారు. నీళ్లలో ఉక్కు, మెగ్నీషియం కలిసి ఉంటే ముందు కరిగేది మెగ్నీషియమే. అది కరుగుతున్నంతకాలం ఉక్కు తుప్పు పట్టదు. రాడ్డు అరగడం దోషం కాదు, అరిగిపోయాక మార్చకపోవడమే దోషం.

మన దగ్గర అది త్వరగా అరగడానికి కారణం బోరు. నీళ్లలో లవణాలు ఎక్కువైతే విద్యుత్తు వాటి గుండా సులువుగా పారుతుంది, రాడ్డు వేగంగా కరుగుతుంది. వేడి పెరిగినా అంతే. 60 దాటితే సున్నం పేరుకోవడం కూడా ఊపందుకుంటుంది. మాస్టారి గీజరులో జరిగింది ఇదే: గుళిక జారింది, నీళ్లు రోజూ 77 దాకా కాగాయి, సున్నం ఒర మీద పట్టి థర్మోస్టాట్‌ను ఇంకా మందకొడి చేసింది, రాడ్డు కరిగిపోయింది, రాలిన రవ్వలు వాల్వు సీటులో చేరి దాన్ని పాడుచేశాయి. మార్చింది మాత్రం వాల్వునే.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కఠినత్వాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా మంచిదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మీ బోరు నీళ్లు పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితంలో ఈ అంకె చూడండి. 600కు దగ్గరగా ఉంటే గీజరు పెట్టిన ఏడాదికల్లా ఒకసారి విప్పి చూడాలి.

రాడ్డు మధ్యలోని తీగ ఎక్కడైనా వేలెడు పొడవున బయటపడితే, లేదా లావు మూడో వంతుకు వస్తే మార్చండి. ఒక్కోసారి రాడ్డు లావుగానే ఉండి, దాని చుట్టూ గట్టి సున్నపు గొట్టం కట్టి ఉంటుంది. అరగలేదు కదా అని సంతోషించవద్దు. ఆ పెంకు లోపల అది నీళ్లకు తగలడం లేదు, పనిచేయడమూ లేదు. పెంకు రాలగొట్టి, లోపల మెగ్నీషియం బాగుంటే మళ్లీ వాడుకోవచ్చు.

పాత రాడ్డును దుకాణానికి తీసుకెళ్లి, మర లావు, పొడవు సరిచూసి కొత్తది కొనండి. బిగించేటప్పుడు మరకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. నీళ్ల పని కాబట్టి చెయ్యి అలవాటుగా టేపు మీదికి పోతుంది. కానీ ఆ రాడ్డు పనిచేయాలంటే లోహం లోహానికి తగలాలి. మర రంధ్రాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. మల్టీమీటరు ఉంటే రాడ్డుకూ పలకకూ మధ్య ఓమ్స్ చూడండి, సున్నాకు దగ్గరగా ఉండాలి.

శుభ్రం చేసి తిరిగి బిగించడం

ఉప్పు కరగడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాములు కలిపి, ప్లాస్టిక్ బకెట్టులో ఎలిమెంట్, ఒర మునిగేలా పెట్టండి. తీగలు తగిలించే వైపు తడవకూడదు. పాత రాడ్డో కొత్త రాడ్డో దానికి ఉంటే ముందు తీసేయండి, మెగ్నీషియాన్ని కూడా అది తినేస్తుంది. నురుగు వస్తుంది. గంటకోసారి చూస్తూ, మెత్తబడిన పెంకును కర్రముక్కతో తోసేయండి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ పోసి నిమిషంలో తెల్లగా చేసేవాళ్లు ఉన్నారు. అది ఎలిమెంట్ తొడుగునూ కొరుకుతుంది, ఆ తర్వాత నీళ్లలోకి కరెంటు వచ్చే దారి తెరుచుకుంటుంది. సుత్తితో కొట్టడమూ వద్దు. ట్యాంకు లోపల చేత్తో తోడి, నీళ్లు కొట్టి కడగండి. ఇనుప గరిటెతో గీకితే గాజు పూత పోతుంది.

ఎలిమెంట్ తొడుగు మీద సన్నటి పగులు కానీ ఉబ్బు కానీ ఉంటే దాన్ని వాడవద్దు. రబ్బరు వాషరు కొత్తదే వేయండి, పాతది ఎంత బాగా కనబడినా ఒకసారి నలిగినచోటే నీళ్లు వదులుతుంది. నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకవైపు పూర్తిగా బిగిస్తే పలక వంకరగా కూర్చుంటుంది. తర్వాత తీగలు కలపకముందే నీళ్లు నింపండి. వేడినీళ్ల కుళాయిలో గాలి ఆగి ధార నిలిచాక, పది నిమిషాలు వాషరు చుట్టూ పొడిగుడ్డతో తుడిచి చూడండి. పొడిగా ఉంటేనే గుళికలు ఒరల్లోకి మొదలంటా తోసి, ఫొటో చూసుకుంటూ తీగలు, ఎర్తు కలిపి మూత వేయండి. నీళ్లు లేని ట్యాంకుకు ఒక్క నిమిషం కరెంటు ఇచ్చినా ఎలిమెంట్ పోతుంది.

కరెంటు పనిలో చెయ్యి తిరగనివాళ్లు సీసా పరీక్ష దాకా చేసి, ఆ మూడు అంకెలు కాగితం మీద రాసి మెకానిక్కు చేతికి ఇస్తే సరిపోతుంది. వాల్వు మారుద్దామని వచ్చినతను కూడా ఆ కాగితం చూశాక గుళిక వైపు చూడక తప్పదు.

విప్పినా ఫలితం లేని గీజర్లు కూడా ఉంటాయి. వాల్వు నుంచి కాక, గీజరు బయటి డొక్కు అడుగు నుంచి తుప్పు రంగు నీళ్లు చుక్కలు పడుతుంటే ట్యాంకే చిల్లుపడింది. ఆనోడ్ మార్చవలసిన కాలం దాటిపోయింది. దాన్ని అతికించే మార్గం లేదు, ఎవరు అతికిస్తామన్నా నమ్మవద్దు.

మాస్టారి ట్యాంకు లోపల టార్చి వేసి చూస్తే ఒక అతుకు దగ్గర మాత్రం గోధుమగింజంత ఎర్ర మరక కనబడింది. ఇంకో ఏడాది ఆలస్యం చేసి ఉంటే పోయేదే. అంతా బిగించాక సీసా మూడోసారి పెట్టాం: 32 నిమిషాలు, 300 మిల్లీలీటర్లు, 62 డిగ్రీలు. గుండీని 55కు తగ్గించాం, చలికాలంలో కూడా బకెట్టు స్నానానికి అది సరిపోతుంది. మూత లోపల కొత్త రాడ్డు వేసిన తేదీ మార్కరుతో రాశాను. ఏడు నెలల తర్వాత విప్పి చూస్తే రాడ్డు చూపుడువేలు లావుకు వచ్చింది. ఆయన బోరుకు ఏడాదికో రాడ్డు లెక్క. రెండు వీధుల అవతల, అదే ఊరు, ఇంకో బోరు, అక్కడి రాడ్డు మూడో ఏడు కూడా సగం మిగిలింది.